ఒకటి పాయింట్ ఎనిమిది

మా వార్డు నర్సుల్లో, మందును కొద్దికొద్దిగా ఒంట్లోకి నెట్టే సిరంజి పంపు మీద ఏ అంకె పెట్టాలో చెప్పేది నేనే. ఇది ఎవరూ రాసిచ్చిన హోదా కాదు. పలాసలో మా ఐసీయూ మొదలైనప్పటి నుంచి అలా జరిగిపోయింది, అంతే. డాక్టరు గారు పేషెంటు కాళ్ళ దగ్గర నిలబడి "పాయింట్ వన్‌లో పెట్టండి" అనేవారు. తర్వాత నా వైపు తిరిగేవారు. నేను జేబులోంచి చిన్న కాగితం తీసి, లెక్క కట్టి, గంటకు ఇన్ని ఎంఎల్ అని చెప్పేదాన్ని. అప్పటిదాకా అందరూ ఆగేవారు. ఆ ఆగడం నాకు ఇష్టం. జీతం కంటే ఎక్కువ ఇష్టమని అంటే మా ఆయన నవ్వుతాడు గానీ, నిజం.

లెక్క నాకు మా నాన్న నుంచి వచ్చింది. మాది రావివలస. తాతలది అర్చకత్వం, నాన్నది బళ్ళో లెక్కల పాఠం. అంకె పక్కన అది కేజీయో, నిమిషమో రాయకపోతే ఆయన జవాబు సరైనా సున్నా వేసేవాడు. కూతురినని ఏమీ తగ్గించలేదు. అందుకే ఇవాళ్టికీ నేను మొత్తం రాస్తాను. డాక్టరు చెప్పిన డోసు కేజీకి, నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములు అని ఉంటుంది. దాన్ని మనిషి బరువుతో హెచ్చిస్తే నిమిషానికి ఎంత మందో వస్తుంది. అరవైతో హెచ్చిస్తే గంటకు ఎంతో వస్తుంది. సిరంజిలో ఒక్క ఎంఎల్‌లో ఎన్ని మైక్రోగ్రాములు కలిపామో దానితో భాగిస్తే గంటకు ఎన్ని ఎంఎల్ పోవాలో తేలుతుంది. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. ఓపిక ఉండాలి, ఒక్క మెట్టూ దాటకూడదు.

ఆ అమ్మాయి వచ్చేదాకా నా ఓపికను అందరూ మెచ్చుకునేవారు. ఆమె వచ్చాక దానికి నిదానం అని పేరు పెట్టారు.

ఆమెది జలంత్రకోట. ఇంట్లో కొబ్బరి, జీడితోట. విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రిలో పనిచేసి, ఇంటికి దగ్గరగా ఉంటుందని మా దగ్గరికి వచ్చింది. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ చెమట పట్టని మొహం. వచ్చిన రోజే డాక్టరు గారు అలవాటుగా నా వైపు తిరిగి డోసు చెప్పారు. నేను కాగితం తీస్తున్నాను. నా వెనక నుంచి "ఫోర్ పాయింట్ ఫైవ్ సార్" అన్న మాట వినిపించింది. కాగితం మీద నేను బరువు కూడా రాయలేదు ఇంకా.

డాక్టరు గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. నేను కట్టాను. ఫోర్ పాయింట్ ఫైవే వచ్చింది.

"ఎలా చెప్పావమ్మా?" అని అడిగారాయన.

"మేం నార్‌అడ్రినలిన్ విశాఖపట్నంలోనూ ఇలాగే ఎప్పుడూ నాలుగు మిల్లీగ్రాములు యాభై ఎంఎల్‌లో కలుపుతాం సార్. అంటే ఎంఎల్‌కి ఎనభై మైక్రోగ్రాములు. అరవై బై ఎనభై ఎప్పుడూ ముప్పావే కదా. డోసునీ బరువునీ గుణించి ముప్పావు తీసుకుంటే సరిపోద్ది."

అంత చిన్న చిట్కా. ఇన్నేళ్ళలో నాకెందుకు తట్టలేదని ఆ రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. మర్నాటి నుంచి ఆమెను తిట్టుకోవడం మొదలుపెట్టాను. అది సులువు.

అసూయ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. తోడికోడలు చీర చూసి కలిగేది అసూయ కాదు, అది ముచ్చట. అసూయ అంటే డ్యూటీకి వస్తూనే ఆవిడ చెప్పులు బయట ఉన్నాయా అని చూడడం. ఉంటే నా చెప్పులు వాటికి దూరంగా విడుస్తాను. లేకపోతే ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. డాక్టరు గారు మెల్లగా నా వైపు తిరగడం మానేశారు. ఇన్‌ఛార్జి సిస్టర్ గారు "ఆ అమ్మాయిని అడగండి, టక్కున చెప్పేస్తుంది" అనడం మొదలెట్టారు. ఆమె జీడిపళ్ళు తెచ్చి అందరికీ పంచింది. నాకు రెండు ఎక్కువ పెట్టింది. వాటిని నేను ఇంటికి తీసుకెళ్ళి ఆవుకి పెట్టాను.

ఒక్క పని మాత్రం మానలేదు. ఆమె చెప్పిన ప్రతి లెక్కనూ నేను మళ్ళీ కాగితం మీద కట్టేదాన్ని. ఇలాంటి మందులకు ఇద్దరు విడివిడిగా చూడాలని ఆసుపత్రి నియమం ఉంది నిజమే. నేను కట్టింది మాత్రం నియమం కోసం కాదు. ఎక్కడో ఒక చోట తప్పు దొరక్కపోదా అని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె తప్పితే చాలు, ఆ ముప్పావు చిట్కా ఎంత పలచనిదో అందరికీ తెలుస్తుందని. కడుతూ ఉండేదాన్ని, ప్రతిసారీ ఆమె చెప్పిన అంకే వచ్చేది. నా కాగితాలే నా మొహం మీద కొట్టినట్టుండేది. ఉండలు చుట్టి చెత్తబుట్టలో పారేసేదాన్ని.

ఆమెకు మాత్రం నా మీద ఏ కోపమూ లేదు. అదొక మంట. "అక్కా, టీ తాగుదారి రండి" అనేది. "అక్కా, మీ రాత ఎంత బాగున్నాదో" అనేది. నా రాత బాగుంటే నీకెందుకమ్మా అనాలనిపించేది. టీ తాగేదాన్ని.

ఇక మా వార్డు పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఉద్దానం పల్లెల కిడ్నీ జబ్బు మనుషులు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళు. వాళ్ళకు ఒంట్లోకి పోయిన నీరు బయటికి పోదు, కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. కాబట్టి వాళ్ళకు పంపులో పోయే నీటిని కూడా లెక్క పెడతాం. అందుకని మా డాక్టరు గారు ఒక అలవాటు పెట్టారు. కిడ్నీ పేషెంటు అయితే సిరంజిలో మందు రెట్టింపు కలపాలి. నాలుగు మిల్లీగ్రాములకు బదులు ఎనిమిది, అదే యాభై ఎంఎల్‌లో. మందు అంతే అందుతుంది, నీరు సగమే పోతుంది. వాటిని డబుల్ అంటాం. లేబుల్ మీద ఎర్ర సిరాతో డబుల్ అని రాస్తాం. ఇది ఆ అమ్మాయికి మొదటి వారమే నేనే చెప్పాను. ఆమె తల ఊపింది, ఆ తర్వాత ఎన్నో డబుల్ సిరంజిలు తనే కలిపింది కూడా.

బారువ నుంచి వచ్చిన మనిషి గురించి ఇప్పుడు చెబుతాను. సముద్రం మీద పడవ నడిపిన మనిషి. భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి గానీ మొహం బూడిద రంగుకు తిరిగింది. కొన్నాళ్ళుగా డయాలసిస్. ఆ ఉదయం చలిజ్వరంతో వచ్చాడు. డయాలసిస్ గొట్టం దగ్గర చీము పట్టి రక్తంలోకి పాకింది. నీరసంగా ఉన్నా పెళ్ళాంతో మాట్లాడుతున్నాడు, పడవ ఎవరు తోలుతున్నారో కనుక్కుంటున్నాడు. డయాలసిస్ అయ్యాక తూచే బరువు, అంటే నీరు లేని అసలు బరువు, నలభై ఎనిమిది కేజీలు. మధ్యాహ్నానికి బీపీ జారడం మొదలెట్టింది. పై అంకె డెబ్భై దగ్గర ఆడుతోంది. అలాగే ఉంటే ఆ సాయంత్రం దాటడని వార్డులో అందరికీ తెలుసు. ఆయన భార్యకూ తెలిసిపోయింది. గోడకు ఆనుకుని మమ్మల్నే చూస్తోంది.

సిరంజి నేను కలిపాను. బీపీ నిలబెట్టే ఆ నార్‌అడ్రినలినే, ఎనిమిది మిల్లీగ్రాములు, యాభై ఎంఎల్. ఎర్ర సిరాతో డబుల్ అని రాసి లేబుల్ అంటించాను. ఆ అమ్మాయి తీసుకుని పంపులో బిగించి, మెడ దగ్గర మందుల కోసం వేరే వేసిన గొట్టానికి కలిపింది. డాక్టరు గారు కాళ్ళ దగ్గర నిలబడ్డారు.

"పాయింట్ వన్ మొదలెట్టండి. ఎంత వస్తుంది?"

నేను కాగితం తీశాను. నలభై ఎనిమిది అని రాశాను.

"త్రీ పాయింట్ సిక్స్ సార్" అంది ఆ అమ్మాయి.

"పెట్టెయ్" అన్నారాయన. ఆమె అంకెలు నొక్కింది. పంపు మీద పచ్చ దీపం వెలిగింది. డాక్టరు గారు నా చేతిలో కాగితం చూసి నవ్వారు. "ఇంకా కడుతున్నారా సిస్టర్? ఆ అమ్మాయి దగ్గర ట్యూషన్ పెట్టించుకోండి" అన్నారు. హాస్యానికే అన్నారు. ఓపీలో జనం ఎదురుచూస్తున్నారని వెళ్ళిపోయారు. కంపౌండరు కూడా నవ్వాడు. బారువ మనిషి భార్య ఏదో అర్థమైనట్టు ఆ అమ్మాయి వైపు చేతులు జోడించింది.

నా చెవులు వేడెక్కాయి. ఆ నిమిషాన నాకు పేషెంటు కనబడలేదు, బీపీ కనబడలేదు. ఆ పిల్ల మెడలో గొలుసు, దాని కింద గుర్తింపు కార్డు, ఆ పైన చెమట లేని మొహం కనబడ్డాయి. ఈ రోజుతో నా మాటకు ఆగేవాళ్ళు ఎవరూ ఉండరని అర్థమైంది. పట్టుదలకు పోయి లెక్క పూర్తి చేశాను. పాయింట్ వన్ ఇంటూ నలభై ఎనిమిది, నిమిషానికి నాలుగు పాయింట్ ఎనిమిది మైక్రోగ్రాములు. ఇంటూ అరవై, గంటకు రెండు వందల ఎనభై ఎనిమిది. ఎనిమిది మిల్లీగ్రాములంటే ఎనిమిది వేల మైక్రోగ్రాములు. బై యాభై, ఎంఎల్‌కి నూట అరవై. రెండు వందల ఎనభై ఎనిమిది బై నూట అరవై.

ఒకటి పాయింట్ ఎనిమిది.

నేనే తప్పానని అనుకున్నాను. ఎందుకనుకోను? ఇన్నాళ్ళూ ఆమె తప్పలేదు. మనసు బాగోలేక ఎక్కడో సగం చేసి ఉంటాననుకున్నాను. మా నాన్న బతికుంటే సున్నా వేసేవాడనుకున్నాను. సిగ్గుతో కాగితం తిప్పి వెనకవైపు మళ్ళీ మొదటి నుంచి కట్టాను. ఒకటి పాయింట్ ఎనిమిదే. అప్పుడు వెళ్ళి పంపులో సిరంజి చూశాను. నా చేత్తో నేను రాసిన ఎర్ర అక్షరాలు. డబుల్.

ఆమె ఎనభైతో కట్టింది. ముప్పావు చిట్కాతో. పాయింట్ వన్ అని వినబడగానే నోట్లోంచి వచ్చేసింది. సిరంజిలో ఉన్నది నూట అరవై.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దాచుకోవడానికేమీ లేదు. ఒళ్ళంతా చల్లబడినట్టయింది. దొరికావే, అనుకున్నాను. ఇన్ని కాగితాల తర్వాత దొరికావు.

"అమ్మా, ఓలమ్మా, ఈయనకి తలకాయ పగిలిపోతన్నాదంట. సూడండి ఓపాలి" అంది బారువ మనిషి భార్య నా వెనక నుంచి.

అప్పుడు గుర్తొచ్చింది మనిషి. మందు మొదట గొట్టంలోనే ఉంటుంది, రక్తంలోకి చేరడానికి కాసేపు పడుతుంది. ఇప్పుడు చేరింది. మానిటర్ మీద పై అంకె నూట ముప్పై దాటింది, చూస్తుండగానే నూట యాభై. చెప్పినదానికి రెట్టింపు మందు పోతోంది. డయాలసిస్‌తో గుండె బలహీనపడిన మనిషి. అలాగే పెరిగితే మెదడులో నరం చిట్లవచ్చు, గుండె లయ తప్పవచ్చు. నేను సంతోషపడుతూ నిలబడిన కాసేపట్లో ఆయన ప్రాణం ఎటు తిరిగి ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

పంపు ఆపలేదు. పూర్తిగా ఆపితే మళ్ళీ అట్టడుగుకు జారిపోతుంది. ఒకటి పాయింట్ ఎనిమిదికి తగ్గించాను. "ఇటు రా" అన్నాను ఆ అమ్మాయిని. కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమె మొత్తం చదవనక్కర్లేకపోయింది. చివరి గీత చూసి, సిరంజి చూసింది. మొహంలో రక్తం లేదు. మొదటిసారి ఆమె పై పెదవి మీద చెమట చూశాను.

బీపీ కిందికి రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. నూట నలభై, నూట ఇరవై ఐదు. నూట పది దగ్గర నిలబడింది. ఆ మనిషి కళ్ళు తెరిచి "ఏటయినాది?" అని అడిగాడు. "ఏం కాలేదు, పడుకోండి" అన్నాను. ఆ అమ్మాయి అప్పటిదాకా ఆయన మణికట్టు వదల్లేదు.

డాక్టరు గారు పరుగున వచ్చారు. నేను నోరు తెరిచేలోపు ఆ అమ్మాయే చెప్పింది, అందరి ముందూ.

"సార్, తప్పు నాదే. సిరంజి సూడకుండా సింగిల్ లెక్క సెప్పీసినాను. అది డబుల్. అక్క కాగితం మీద కట్టి పట్టుకున్నారు."

ఇన్నాళ్ళూ నేను తలలో ఎన్నోసార్లు ఆడుకున్న సన్నివేశం ఇది. అందులో చెప్పేది నేను, తల వంచుకునేది ఆమె. తీరా జరిగితే ఆమె తల వంచనూ లేదు, ఏడవనూ లేదు. డాక్టరు గారు ముందు పంపు మీద అంకె, సిరంజి లేబులూ చూసుకున్నారు. పేషెంటును చూసి, కుటుంబానికి జరిగింది చెప్పి, తర్వాత మా దగ్గరికి వచ్చి "ఆగకుండా పెట్టమన్నది నేనే, నాదీ తప్పే" అన్నారు. ఆపైన ఇన్‌ఛార్జి సిస్టర్ గారితో అన్న మాట నేను విన్నాను. "ఎంత నిజాయితీ ఉన్న పిల్ల, చూశారా."

చూశారా, తప్పు పట్టింది నేను. పేరు ఆమెకు. మంచి లెక్క కడితే చురుకు, తప్పు లెక్క కడితే నిజాయితీ. ఇలాంటి మనిషితో ఎవరైనా ఎలా పోటీ పడతారు?

పేరుకే ఉన్న పాత నియమం మర్నాటి నుంచి గట్టిపడింది. కిడ్నీ పేషెంటు అయినా కాకపోయినా, ఇద్దరు నర్సులు ఎవరి లెక్క వాళ్ళు కట్టాలి. సిరంజి లేబుల్ చదివి కట్టాలి. ఇద్దరూ పూర్తి చేసేదాకా నోరు విప్పకూడదు. రెండు అంకెలూ కలిస్తేనే పంపు నొక్కాలి. డాక్టరు గారు పక్కనే నిలబడి ఆగేవారు. అది నాకు తిరిగి దక్కింది. కాకపోతే సగం దక్కింది. మిగతా సగం ఆమెది.

బారువ మనిషి కోలుకున్నాడు. డయాలసిస్‌కి కొత్త గొట్టం వేశారు, జ్వరం తగ్గింది, పంపు తీసేశారు. వెళ్ళే రోజు ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. కొంగు చాటు నుంచి ఎండు చేపల పొట్లం తీసింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆ సిన్నమ్మ ఇయ్యాల రానేదేటి? ఇది ఆయమ్మకి ఇచ్చీండి. మా ఆయన సెయ్యి ఒగ్గనేదు ఆ పూట, దేవత నాంటి పిల్ల."

మాది అర్చకుల ఇల్లు. ఎండు చేప మా గుమ్మం తొక్కదు. నాకిచ్చినా పక్కవాళ్ళకు ఇచ్చేసేదాన్ని. అయినా ఒక్క మాట, నీకూ కావాలా అని ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయింది? పొట్లం సంచిలో పెట్టుకున్నాను. నా టిఫిన్ డబ్బా వారం దాకా బారువ రేవు వాసన కొట్టింది. ఆ అమ్మాయి పొట్లం అందుకుని పగలబడి నవ్వింది. "అక్కా, ఇది మీది. మీరు తినరు కాబట్టి నాను తింతాను" అంది. నవ్వొచ్చింది నాకు కూడా. ఒళ్ళు మండుతూనే నవ్వాను.

ఆ తర్వాత మేమిద్దరం చాలాకాలం ఒకరికొకరు వీపు తిప్పుకుని లెక్కలు కట్టాం. ఆమె కూడా కాగితం మీదే కట్టేది ఇప్పుడు. కేజీ, నిమిషం, మైక్రోగ్రాము అన్నీ రాసేది. నేను తప్పు దొరుకుతుందేమోనని కడుతున్నానని ఆమెకు తెలుసు. ఒకసారి అంది కూడా. "అక్కా, మీరు నా మీద అంత కచ్చగా కడతారు కదా, అందుకే నాకు భయం నేదు." నేను కాగితం ఉండ చుట్టి పారేశాను.

మొన్న ఆమెకు టెక్కలికి పోస్టింగ్ వచ్చింది. ఆఖరి రోజు జీడిపప్పు పంచింది. ఈసారి నా వాటా నేనే తిన్నాను. ఆమె స్థానంలో వచ్చిన నర్సు మంచి మనిషే. నేను అంకె చెబితే "కరెక్టే మేడం" అంటుంది, తన కాగితం ఇంకా పూర్తి చేయకుండానే. వద్దమ్మా, కట్టు, నీ లెక్క నువ్వు కట్టు అని బతిమాలుతున్నాను. నా మాటకు అందరూ ఆగుతున్నారు మళ్ళీ, పూర్వంలాగే. నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న టెక్కలి నుంచి ఫోను చేసింది. అక్కడ వార్డు బాగుందట, పంపులు కొత్తవట. నియమం అక్కడా పెట్టించిందట.

"నాతో కట్టేది ఒకావిడ ఉన్నారక్కా. మీలాగే అన్నీ రాసి కడతారు. లేబుల్ రెండుసార్లు చదువుతారు. కాకపోతే మీకంటే కొంచెం తొందరగా కట్టీత్తారు."

"ఎంత తొందరగా?" అని అడిగాను.